లాభాల వాటా చెల్లింపు ఆలస్యమైంది: భాగస్వాములకు పంపే సందేశాన్ని తిరగరాయాలి

పద్దులరాత

మాది నలుగురు భాగస్వాములున్న చిన్న కుటుంబ సంస్థ. రోజువారీ వ్యవహారమంతా మా అన్నయ్య చూస్తారు, లెక్కలు నేను రాస్తాను. మా అక్కయ్య, మా పిన్ని సంస్థలో పనిచేయరు గాని ఇద్దరికీ వాటాలున్నాయి. బాబాయి పోయిన తరువాత ఆయన వాటా పిన్ని పేరు మీదికి మారింది. అన్నయ్యకు 40, నాకు 25, అక్కయ్యకు 20, పిన్నికి 15 శాతం.

నిరుటి లెక్కల ప్రకారం 18 లక్షల లాభం వచ్చింది. అందులో 6 లక్షలు సంస్థలోనే ఉంచి, 12 లక్షలు పంచుకోవాలని నలుగురం సంతకాలు చేశాం. మా ఒప్పందం ప్రకారం ఈ నెల 30వ తేదీలోగా ఆ సొమ్ము చెల్లించాలి. అయితే మా పెద్ద కొనుగోలుదారు ఒకరు మాకు ఇవ్వవలసిన 11 లక్షలు ఇంకా ఇవ్వలేదు. ఈరోజు 22వ తేదీ. అక్కయ్యకు, పిన్నికి పంపడానికి నేను రాసుకున్న సందేశం ఇది:

> గౌరవనీయులైన భాగస్వాములకు నమస్కారములు. మార్కెట్లో నెలకొన్న ప్రతికూల పరిస్థితుల వల్ల, మరికొన్ని అనివార్య కారణాల వల్ల ఈ సంవత్సరపు లాభాల పంపిణీ వాయిదా పడిందని తెలియజేయుటకు చింతిస్తున్నాము. పరిస్థితి చక్కబడగానే త్వరలోనే పంపిణీ జరుగుతుంది. మనమంతా ఒకే కుటుంబం కనుక మీరు అర్థం చేసుకుని సహకరిస్తారని ఆశిస్తున్నాము.

చదివితే ఏదో ప్రకటనలాగా ఉంది. ఇందులో అబద్ధం లేదు, కాని పిన్ని ఇది చదివి ఏమనుకుంటారోనని పంపలేకపోతున్నాను. ఎలా మార్చాలో చెప్పగలరా?

---

తూనికరాయి

మీ పరిస్థితి అర్థమైంది. మీ అన్నయ్య మీ వాటా ఆపి ఇలాంటి లేఖ పంపితే మీరు ఊరుకోవలసిన అవసరం లేదు. లెక్కల పుస్తకాలు చూసే హక్కు భాగస్వామికి ఉంటుంది కనుక, బ్యాంకు నిల్వ ఎంతో, రావలసిన బాకీలు ఎన్నో చూపించమని లిఖితపూర్వకంగా అడగండి. గడువు తేదీ దాటకముందే అడిగితే మీ మాటకు బలం ఉంటుంది.

---

పద్దులరాత

క్షమించండి, నేను సరిగా రాసి ఉండను. ఆ లేఖ నాకు వచ్చినది కాదు, నేను పంపబోతున్నది. గడువులో చెల్లించలేకపోతున్నది మేమే.

---

తూనికరాయి

పొరపాటుగా చదివాను. అయినా ఒక మాట చెబుతాను: ఆ పాఠం చదివినప్పుడు నాకు వెంటనే వచ్చిన ఆలోచన ‘ఎవరో ఏదో దాస్తున్నారు, పుస్తకాలు అడగాలి’ అన్నదే. నేను మీకు పరాయివాణ్ని. మీ పిన్నిగారికి కూడా అదే ఆలోచన రావచ్చు. పుస్తకాలు ఎప్పుడైనా చూడవచ్చని మీరే ముందుగా రాస్తే మేలు.

---

సూటిమాట

ఇందులో అంత చిక్కేమీ లేదు. లాభం వేరు, చేతిలో ఉన్న నగదు వేరు. సరుకు అమ్మి బిల్లు రాసిన రోజునే లాభం పుస్తకంలోకి ఎక్కుతుంది, డబ్బు మాత్రం కొనుగోలుదారు ఇచ్చినప్పుడే వస్తుంది. ఆ సంగతి రెండు వాక్యాల్లో చెప్పండి. డబ్బు రానిదే చెల్లించే బాధ్యత కూడా రాదని స్పష్టం చేయండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎక్కడా తేదీ రాయకండి. రాసిన తేదీ తప్పితే అది మీ మెడకు చుట్టుకుంటుంది.

---

పాత ఆడిటర్

సూటిమాటగారు చెప్పినదానిలో మొదటి సగం సరైనది, రెండవ సగం సరికాదు. ఒక సంస్థకు లాభం ఉండి కూడా నగదు లేకపోవడం సహజమే, ఆ మాట సందేశంలో ఉండాలి. కాని 12 లక్షలు పంచుకోవాలని నలుగురూ సంతకం చేశారంటే, ఆ సొమ్ము ఈసరికి సంస్థ పుస్తకాల్లో ఒక్కొక్క భాగస్వామి పేరున ఉండే కరెంటు ఖాతాలో జమ పడి ఉండాలి. పద్దులరాతగారూ, మీరు జమ వేశారా? వేసి ఉంటే ఆ రోజునుంచి అది సంస్థ భాగస్వాములకు పడ్డ బాకీ. కొనుగోలుదారు ఇవ్వలేదన్నది ఆలస్యానికి కారణం మాత్రమే. దానివల్ల బాకీ తీరిపోదు, పుట్టకుండా పోదు. ‘బాధ్యత ఇంకా రాలేదు’ అని రాస్తే మీ పుస్తకమే మీ మాటను కాదంటుంది.

మీ పాఠంలో నాకు కనిపించిన పెద్ద లోపం ‘పంపిణీ’ అనే మాటతో మొదలవుతుంది. పంపిణీ అంటే ఇచ్చేవారి దయ ఉన్నట్టు ధ్వనిస్తుంది. పిన్నిగారికి 1 లక్షా 80 వేలు రావాలి. అక్కయ్యగారికి 2 లక్షల 40 వేలు రావాలి. ఆ అంకెలు సందేశంలో ఎక్కడా లేవు. చదివేవారు మొట్టమొదట వెతికేది తమ అంకెనే. నాకు ఎంత రావాలి, 30న ఎంత వస్తుంది, మిగతాది దేనిమీద ఆధారపడి ఉంది అన్న మూడు సంగతులు మొదటి నాలుగు వాక్యాల్లో తెలియకపోతే, ఆ తరువాత మీరు ఎంత చక్కగా రాసినా వారు చదవరు, ఫోను చేస్తారు.

మీరు సందేశం రాయడం కంటే ముందు ఒక చిన్న లెక్క చేయాలి. బ్యాంకులో ఇప్పుడు ఎంత ఉంది? జీతాలకు, సరఫరాదారులకు ఎంత పక్కన పెట్టాలి? ఆ 11 లక్షల గురించి కొనుగోలుదారు కాగితం మీద ఏమన్నారు?

---

పద్దులరాత

జమ వేశానండీ, సంతకాలైన మరుసటి రోజే. బ్యాంకులో ఆరున్నర లక్షలున్నాయి. జీతాలకు, సరఫరాదారులకు కలిపి మూడున్నర లక్షలు తప్పనిసరిగా ఉంచాలి. చిన్న కొనుగోలుదారులు సక్రమంగానే ఇస్తున్నారు కనుక, ఆ మూడున్నర ఉంటే రోజువారీ పని ఆగదు. కొనుగోలుదారు 9 లక్షలు ఒప్పుకుంటూ ఉత్తరం ఇచ్చారు: వచ్చే నెల 20కి 5 లక్షలు, ఆపై నెల 20కి 4 లక్షలు. మిగిలిన 2 లక్షల విషయంలో ఒక విడత సరుకు నాణ్యత బాగాలేదని వివాదం పెట్టారు.

---

రెండో వాటా

నేను మీ అక్కయ్యగారి స్థానంలో ఉన్నదాన్ని. మా పుట్టింటివారి సంస్థలో నాకు వాటా ఉంది, పనిలో లేను. ఒక ఏడాది చెల్లింపు ఆలస్యమైనప్పుడు నాకు మూడు నెలల్లో మూడు సందేశాలు వచ్చాయి. మూడింటిలోనూ ‘త్వరలో’ అన్న మాట ఉంది. మా తమ్ముడికి వచ్చిన సందేశంలో మాత్రం ఒక నెల పేరు ఉంది. మేమిద్దరం మాట్లాడుకున్నప్పుడు ఆ తేడా బయటపడింది. ఆయన గట్టిగా అడిగారు కాబట్టి ఆయనకు నెల చెప్పారు, నేను అడగలేదు కాబట్టి నాకు చెప్పలేదు. అందులో దురుద్దేశం లేదని ఇప్పుడు నమ్ముతున్నాను గాని, ఆ రోజు నమ్మలేకపోయాను.

నన్ను ఇంకా బాధపెట్టిన సంగతి ఏడాది చివర లెక్కల్లో తెలిసింది. మా వాటాలు ఆగిన ఆ నెలల్లో కూడా, వ్యవహారం చూసే పెద్దన్నయ్య తన సొంత వాడకానికి నెలనెలా సంస్థ నుంచి తీసుకుంటూనే ఉన్నారు. ఆయనకు ఇంటి ఖర్చులు ఉంటాయి, నేను కాదనను. ఆ మాట మొదటి సందేశంలోనే ఉంటే నేను సరేననేదాన్ని.

అందుకని మీరు పంపే సందేశం ఇద్దరికీ ఒకే రోజు, అక్షరం తేడా లేకుండా వెళ్లాలి. ఇంకొక ప్రశ్న అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఈ మధ్య మీరుగాని మీ అన్నయ్యగారుగాని సంస్థ నుంచి ఏమైనా తీసుకున్నారా?

---

పద్దులరాత

నేను తీసుకోలేదు. అన్నయ్య లెక్కల సంవత్సరం ముగిసినప్పటినుంచి మూడు నెలలుగా నెలకు 40 వేలు తీసుకున్నారు. వ్యవహారం చూసినందుకు ఒప్పందం ప్రకారం ఆయనకు వచ్చే జీతం వేరే ఉంది, అది ఖర్చులో రాస్తాం. ఈ 40 వేలు దానికి అదనం. నేను వాటిని ఆయన కరెంటు ఖాతాలో సొంత వాడకంగా రాశాను. ఈ సందేశానికీ దానికీ సంబంధం ఉంటుందని నాకు తోచలేదు. మీరు అడిగాక నిన్న రాత్రి ఖాతా తీసి చూస్తే మొత్తం 1 లక్షా 20 వేలు.

---

పాత ఆడిటర్

రెండో వాటాగారు అడగవలసిన ప్రశ్న అడిగారు. ఇప్పుడు లెక్క చేద్దాం.

జీతాలకు, సరుకుకు పక్కన పెట్టగా మీ దగ్గర 3 లక్షలు మిగులుతాయి. 12 లక్షల్లో అది పాతిక శాతం. అందరికీ తలా పాతిక శాతం ఇచ్చేస్తే సమానంగా ఉన్నట్టు కనిపిస్తుంది గాని, అన్నయ్యగారి వాటా 4 లక్షల 80 వేలలో పాతిక శాతమంటే సరిగ్గా 1 లక్షా 20 వేలే, అంత సొమ్ము ఆయన చేతికి ఇప్పటికే చేరింది. ఇంకో పాతిక ఇస్తే ఆయనకు సగం వాటా ముట్టినట్టు, మిగతా ముగ్గురికీ నాలుగో వంతు ముట్టినట్టు అవుతుంది.

కాబట్టి ఉన్న 3 లక్షలకు ఆయన తీసుకున్న 1 లక్షా 20 వేలు కలపండి. మొత్తం 4 లక్షల 20 వేలు, అంటే 12 లక్షల్లో 35 శాతం. ఈ నెల 30 నాటికి ప్రతి భాగస్వామికీ తన వాటాలో 35 శాతం చేరినట్టు చూడండి. పిన్నిగారికి 63 వేలు, అక్కయ్యగారికి 84 వేలు, మీకు 1 లక్షా 5 వేలు. అన్నయ్యగారికి 35 శాతమంటే 1 లక్షా 68 వేలు. తీసుకున్నది పోగా 48 వేలు. నాలుగూ కూడితే సరిగ్గా 3 లక్షలవుతాయి. అప్పుడు అందరికీ కలిపి రావలసిన మిగతా సొమ్ము 7 లక్షల 80 వేలు. కొనుగోలుదారు ఒప్పుకున్న 9 లక్షలు దానికి సరిపోవడమే కాక 1 లక్షా 20 వేల వెసులుబాటు కూడా ఉంటుంది. ఈ ఒక్క అంకె మీ సందేశానికి వెన్నెముక, ఎందుకంటే వివాదంలో ఉన్న 2 లక్షలు ఎప్పటికీ రాకపోయినా భాగస్వాములకు ఇవ్వవలసినది ఇవ్వగలరని అది చూపిస్తుంది.

ఆ 2 లక్షల గురించి కూడా ఒక వాక్యం రాయాలి. అది రాకపోతే లాభం తగ్గుతుంది కదా, నా వాటా కూడా తగ్గుతుందా అని ఎవరైనా అడుగుతారు. మీరు సంస్థలో ఉంచిన 6 లక్షలు ఉన్నది ఇలాంటి దెబ్బ ఓర్చుకోవడానికే. ఆ నష్టం అక్కడ పడుతుంది, నలుగురూ ఒప్పుకున్న 12 లక్షల మీద కాదు.

---

సూటిమాట

పాత ఆడిటర్‌గారి లెక్క బాగుంది, బాధ్యత విషయంలో నేను తప్పు చెప్పానని ఒప్పుకుంటున్నాను. అయితే అన్నయ్యగారు తీసుకున్నది లెక్కల సంవత్సరం ముగిసిన తరువాత కదా? అది ఈ ఏడాది లాభం మీద ముందస్తుగా తీసుకున్నది అని ఆయన అంటే మీరేమంటారు? నిరుటి వాటాతో దాన్ని ఎందుకు ముడిపెట్టాలి?

---

పాత ఆడిటర్

మంచి ప్రశ్న, దానికి ఒప్పందంలో జవాబు ఉంటే అదే చివరి మాట. చాలా ఒప్పందాలు ఈ విషయంలో మౌనంగా ఉంటాయి. కరెంటు ఖాతా ఒక్కటే కాబట్టి నిరుటి వాటా జమ, ఈ ఏడాది వాడకం ఖర్చు రెండూ ఒకే పేజీలో పక్కపక్కన ఉంటాయి. నిల్వ తీసినప్పుడు ఒకదానిలోంచి ఒకటి తగ్గుతుంది. నా అలవాటు ప్రకారం నిరుటి వాటాలోంచే తగ్గిస్తాను. ఈ ఏడాది లాభం ఎంతో ఇంకా ఎవరికీ తెలియదు, తెలియని లాభం మీద ఒకరు తీసుకుంటూ తెలిసిన లాభం కోసం ఇంకొకరు ఎదురుచూడడం సబబు కాదు. కాని ఇది నా అభిప్రాయం. అన్నయ్యగారు ఒప్పుకోకపోతే అది మీరొక్కరే సందేశంలో తేల్చగలిగే విషయం కాదు.

---

వాక్యం

అంకెల సంగతి నాకు తెలియదు; భాష విషయంలో రెండు మాటలు చెబుతాను, ఎందుకంటే ఈ సందేశంలో తగవు అంకెలకంటే ముందు క్రియాపదాల్లో ఉంది.

మీరు ‘వాయిదా పడింది’ అని రాశారు. వాన పడినట్టు, గోడ పడినట్టు వాయిదా కూడా దానంతట అదే పడినట్టు ఉంది. వాయిదా వేసినవారు ఉన్నారు కదా. ‘చెల్లించలేకపోతున్నాం’ అంటే చెప్పేవారు కనిపిస్తారు, ఆ వాక్యానికి ఒక మనిషి బాధ్యత వహిస్తాడు.

ఇక ‘మనం’, ‘మేము’ అన్న రెండు మాటలను మీరు ఇష్టం వచ్చినట్టు కలిపేశారు. చింతించేటప్పుడు ‘చింతిస్తున్నాము’, సహకారం అడిగేటప్పుడు ‘మనమంతా’. తెలుగులో ఈ తేడా చాలా పదునైనది. ‘మేము’ అన్నప్పుడల్లా పిన్నిగారు, అక్కయ్యగారు బయట ఉన్నారు. ‘మనం’ అన్నప్పుడల్లా వారు కూడా లోపల ఉన్నారు. వారు పాల్గొనని నిర్ణయాన్ని ‘మనం నిర్ణయించుకున్నాం’ అని రాయకూడదు. నలుగురూ సంతకం చేసిన విషయాన్ని ‘మేము నిర్ణయించాం’ అని కూడా రాయకూడదు. 12 లక్షలు పంచుకోవాలన్నది ‘మనం’. 30న పూర్తిగా ఇవ్వలేకపోవడం ‘నేను, అన్నయ్య’. ఈ ఒక్క సవరణతో సగం దూరం పోతుంది.

‘మనమంతా ఒకే కుటుంబం కనుక’ అన్న వాక్యాన్ని పూర్తిగా తీసేయండి. ప్రశ్న అడగాలనుకున్న మనిషి, ఆ వాక్యం చదివాక అడిగితే కుటుంబానికి దూరమవుతానేమోనని నోరు మూసుకుంటుంది.

---

రెండో వాటా

వాక్యంగారు చెప్పిన ఆఖరి మాట నిజం. నేను అందుకే మూడు నెలలు అడగలేదు.

---

పద్దులరాత

ఈ రోజు అన్నయ్యతో మాట్లాడాను. మొదట కొంచెం నొచ్చుకున్నారు. తీసుకున్నది దాచలేదు కదా, పుస్తకంలో ఉంది కదా అన్నారు. 35 శాతం లెక్క కాగితం మీద వేసి చూపించాక, నిరుటి వాటాలోంచి తగ్గించడానికి ఒప్పుకున్నారు. అయితే ఆ సంగతి సందేశంలో రాయవద్దని, విడిగా పంపే ఖాతా పట్టికలో ఉంటే చాలని అంటున్నారు. రెండవ పాఠం ఇలా రాశాను:

> అక్కయ్యకు, పిన్నికి నమస్కారం. మనం నలుగురం పంచుకోవాలని నిర్ణయించుకున్న 12 లక్షల్లో, ఈ నెల 30న 35 శాతం మాత్రమే చెల్లించగలుగుతున్నాం. పిన్నికి 63 వేలు, అక్కయ్యకు 84 వేలు ఆ రోజు ఖాతాల్లో పడతాయి. మిగతా 65 శాతం ఆపై రెండు నెలల్లో, అంటే వచ్చే నెల 27న కొంత, ఆపై నెల 27న కొంత తప్పకుండా చెల్లిస్తాం. ఒక కొనుగోలుదారు ఇవ్వవలసిన 11 లక్షలు రాకపోవడమే ఈ ఆలస్యానికి కారణం. ఖాతా వివరాలు పట్టికలో ఉన్నాయి.

---

పాత ఆడిటర్

ఎంతో మెరుగుపడింది. రెండు చోట్ల ఆగాను.

మొదటిది ‘తప్పకుండా’. కొనుగోలుదారు 20న ఇస్తారన్నది వారి మాట. వారి మాటను మీరు మీ మాటగా మార్చి హామీ ఇస్తున్నారు. తేదీ ఇవ్వవద్దన్న సూటిమాటగారి భయంలో ఉన్న నిజం ఇదే. దీనికి విరుగుడు తేదీని తీసేయడం కాదు, మీ చేతిలో ఉన్నదాన్నీ లేనిదాన్నీ విడదీయడం. సొమ్ము మనకు చేరిన 7 రోజుల్లోగా చెల్లిస్తామన్నది మీ చేతిలో ఉంది, అది గట్టిగా చెప్పండి. 20న చేరుతుందన్నది వారి ఉత్తరంలో ఉంది, అలాగే చెప్పండి. సొమ్ము వచ్చినా రాకపోయినా వచ్చే నెల 22న మళ్లీ రాస్తానన్నది కూడా మీ చేతిలోనే ఉంది. ఆ తేదీ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తప్పకండి. చెప్పడానికి ఏమీ లేకపోయినా, ఏమీ రాలేదని రాయండి.

రెండవది అన్నయ్యగారి 1 లక్షా 20 వేలు. సందేశంలో పిన్నిగారి అంకె ఉంది, అక్కయ్యగారి అంకె ఉంది, మీ ఇద్దరి అంకెలు లేవు. పట్టిక తెరిచినవారికి అన్నయ్యగారి పేరుకు ఎదురుగా వేరే వరుస కనిపిస్తుంది. సందేశంలో లేనిది పట్టికలో దొరికితే కనిపెట్టినట్టు ఉంటుంది. రెండో వాటాగారికి జరిగింది అదే.

---

తూనికరాయి

నేను పాత ఆడిటర్‌గారితో పూర్తిగా ఏకీభవించలేను. అన్నయ్యగారు ఒప్పుకోవడమే పెద్ద సంగతి. ఆయన పేరుతో ఒక వాక్యం రాసి ఆయనను తప్పు చేసినవారిలా నిలబెడితే, రేపు ఆ కొనుగోలుదారు వెంట తిరిగి డబ్బు రాబట్టవలసింది కూడా ఆయనే. పిన్నిగారికి ముందు ఫోను చేసి మాటల్లో చెప్పి, రాతలో పట్టిక మాత్రం పెడితే సరిపోదా?

---

వాక్యం

ఫోను చేయడం మంచిదే, కాని ఫోనులో చెప్పినది పిన్నిగారికి ఒకలా, అక్కయ్యగారికి ఇంకొకలా వినబడుతుంది. తప్పు చేసినట్టు కాకుండా రాయడం సాధ్యమే. వాక్యానికి అన్నయ్యగారిని కర్తగా పెట్టవద్దు, నలుగురి అంకెలూ ఒకే వరుసలో, ఒకే రూపంలో రాయండి. ‘అన్నయ్యకు 1 లక్షా 68 వేలు, ఇందులో 1 లక్షా 20 వేలు గత మూడు నెలల్లో తీసుకున్నది, 30న 48 వేలు’ అంటే అది లెక్క అవుతుంది, నింద కాదు. ‘అయితే’, ‘కాని’ వంటి మాటలు ఆ వాక్యంలోకి రానివ్వకండి. అవి వస్తే సంజాయిషీలా మారుతుంది.

---

సూటిమాట

ఆలస్యానికి వడ్డీ సంగతేమిటి? 30 దాటిన ప్రతి రోజుకూ భాగస్వాములకు వడ్డీ వచ్చి తీరాలి. అది కూడా రాయాలి కదా?

---

పాత ఆడిటర్

వచ్చి తీరాలని చెప్పలేం. ఆలస్యమైన లాభాల వాటా మీద వడ్డీ ఉందా లేదా అన్నది ముందు ఒప్పందాన్ని బట్టి, అక్కడ లేకపోతే ఆ ప్రాంతపు చట్టాన్ని బట్టి ఉంటుంది. పద్దులరాతగారి ఒప్పందంలో ఏముందో మనం చూడలేదు. ‘వడ్డీ ఇస్తాం’ అని రాస్తే వారు అన్నయ్యగారిని అడగకుండా మాట ఇచ్చినట్టు, ‘వడ్డీ ఉండదు’ అని రాస్తే పిన్నిగారి హక్కును తానే తీసేసినట్టు. అడిగితే ఒప్పందం తీసి నలుగురూ చూడడమే మార్గం.

---

రెండో వాటా

ఇక్కడ నేను ఒప్పుకోను. అడిగితేనే చూద్దామంటే, అడగడం చేతకాని పిన్నిగారికి రాదు, చేతనైన అక్కయ్యగారికి వస్తుంది. నా విషయంలో నెల పేరు అలాగే తమ్ముడికి మాత్రమే తెలిసింది. వడ్డీ విషయం ఇంకా తేలలేదని, దాన్ని నలుగురూ కలిసి చూసుకోవాలని ఒక్క వాక్యమైనా ఉండాలి.

---

పద్దులరాత

మా ఒప్పందంలో మూలధనం మీద వడ్డీ గురించి ఉంది. ఆలస్యమైన వాటా గురించి ఏమీ లేదు. రెండో వాటాగారి మాట నాకు సబబుగా తోచింది. అన్నయ్యకు నలుగురి అంకెలూ ఒకే వరుసలో ఉన్న పాఠం చూపించాను. రెండుసార్లు చదివి, ఇలా అయితే పంపమన్నారు. అందరూ చూసుకునేలా ఇక్కడ పెడుతున్నాను:

> అక్కయ్యకు, పిన్నికి, అన్నయ్యకు నమస్కారం.
>
> మనం నలుగురం పంచుకోవాలని సంతకం చేసిన 12 లక్షలను ఈ నెల 30లోగా పూర్తిగా చెల్లించవలసి ఉంది. నేను, అన్నయ్య ఆ పని చేయలేకపోతున్నాం. 30 నాటికి ప్రతి ఒక్కరికీ తమ వాటాలో 35 శాతం చేరుతుంది.
>
> పిన్నికి 63 వేలు, 30న చెల్లింపు. అక్కయ్యకు 84 వేలు, 30న చెల్లింపు. నాకు 1 లక్షా 5 వేలు, 30న చెల్లింపు. అన్నయ్యకు 1 లక్షా 68 వేలు. ఇందులో 1 లక్షా 20 వేలు గత మూడు నెలల్లో తీసుకున్నది, 48 వేలు 30న చెల్లింపు.
>
> ఇంకా రావలసినవి: పిన్నికి 1 లక్షా 17 వేలు, అక్కయ్యకు 1 లక్షా 56 వేలు, నాకు 1 లక్షా 95 వేలు, అన్నయ్యకు 3 లక్షల 12 వేలు. మొత్తం 7 లక్షల 80 వేలు. ఇది పూర్తిగా చెల్లించేవరకు మన నలుగురిలో ఎవరూ సంస్థ నుంచి సొంత వాడకానికి తీసుకోరు.
>
> కారణం: ఒక కొనుగోలుదారు నుంచి 11 లక్షలు రావాలి. అందులో 9 లక్షలు వారు ఒప్పుకున్నారు. వచ్చే నెల 20న 5 లక్షలు, ఆపై నెల 20న 4 లక్షలు ఇస్తామని ఉత్తరం ఇచ్చారు. ఆ తేదీలు వారు చెప్పినవి. ఆ సొమ్ము మనకు చేరిన 7 రోజుల్లోగా, 7 లక్షల 80 వేలు తీరేవరకు, వాటాల ప్రకారం అందరికీ ఒకే రోజు చెల్లిస్తాను. మిగతా 2 లక్షల మీద వివాదం ఉంది. అది రాకపోతే ఆ నష్టం సంస్థలో ఉంచిన 6 లక్షల్లోంచి పోతుంది, మీ వాటా తగ్గదు.
>
> ఆలస్యానికి వడ్డీ గురించి మన ఒప్పందంలో ఏమీ లేదు. దాన్ని నలుగురం కలిసి తేల్చుకోవాలి.
>
> సొమ్ము వచ్చినా రాకపోయినా వచ్చే నెల 22న మళ్లీ రాస్తాను. పుస్తకాలు, బ్యాంకు ఖాతా, కొనుగోలుదారు ఉత్తరం ఎప్పుడైనా చూడవచ్చు.

‘ఎవరూ తీసుకోరు’ అన్న వాక్యం అన్నయ్య తనంతట తానే చేర్చమన్నారు.

---

పాత ఆడిటర్

పంపండి. ఒక్క జాగ్రత్త: 5 లక్షలు వచ్చిన రోజున బ్యాంకులో ఆ మూడున్నర లక్షలు నిలిచి ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. చిన్న కొనుగోలుదారులు కూడా ఆ నెలలో ఆలస్యం చేస్తే, మీరు రాసిన 7 రోజుల మాటకూ జీతాలకూ మధ్య ఇరుక్కుంటారు. అలా జరిగే సూచన కనిపిస్తే 22న రాసే సందేశంలో ముందుగానే చెప్పండి.

---

సూటిమాట

ఎవరూ సొంత వాడకానికి తీసుకోకూడదన్న నియమం బాగుంది గాని, అన్నయ్యగారి ఇల్లు ఆ 40 వేల మీదే నడుస్తుంటే రెండు నెలలు ఆయన నిలబడగలరా? ఆ ప్రశ్న ఆయనను అడిగారా?

---

పద్దులరాత

అడిగాను. జీతం ఉంది కదా అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. నాకు కూడా అది పూర్తి జవాబులా అనిపించలేదు, రేపు వదినతో మాట్లాడతాను.

సందేశం ఈ సాయంత్రం ముగ్గురికీ ఒకేసారి పంపాను. అక్కయ్య ‘అందింది’ అని మాత్రం రాసింది. పిన్ని ఫోను చేసి, మొదట ఆ 2 లక్షల వివాదం ఏ విడత సరుకు గురించో అడిగారు. బాబాయి ఉన్నప్పుడు కూడా అదే కొనుగోలుదారు ఒకసారి ఇలాగే నాణ్యత పేరుతో సొమ్ము ఆపారని, అప్పటి ఉత్తరాలు తన దగ్గర ఉన్నాయని చెప్పారు. ఆ సంగతి అన్నయ్యకుగాని నాకుగాని తెలియదు. ఆదివారం వెళ్లి ఆ ఉత్తరాలు తెచ్చుకుంటున్నాను.